ఆఫర్‌కు జవాబు: ఎక్కువ జీతం అడిగే ఉత్తరాన్ని చివరికి చదివేది ఎవరు?

ఆఫర్ లెటర్ వచ్చాక పని నచ్చి, జీతం మాత్రం కాస్త తక్కువనిపిస్తే రాసే జవాబు చాలా మందికి టెన్షన్ పెట్టే ఉత్తరం. గట్టిగా అడిగితే ఆఫరే పోతుందేమోనని భయం, అడక్కపోతే రెండేళ్ల దాకా అదే జీతంతో ఉండాలన్న బాధ. ఈ రెంటి మధ్య నలిగి రాసిన ఉత్తరం తరచూ రిక్రూటర్ మనసు గెలిచే ప్రయత్నంగా మారిపోతుంది. కానీ చాలా సంస్థల్లో జీతం పెంచే అధికారం రిక్రూటర్‌కు ఉండదు. ఆ ఉత్తరం అక్కడి నుంచి ఇంకో రెండు మూడు బల్లలు దాటాలి. అది ఎలా రాయాలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ ఒక్క విషయంలోనే ఉంది.

దారి సాధారణంగా ఇలా ఉంటుంది. అభ్యర్థి ఇంత అడుగుతున్నారని రిక్రూటర్ ముందు టీమ్ మేనేజర్‌కు చెబుతారు. ఆ మనిషి కావాలని మేనేజర్ పట్టుబడితే విషయం జీతాలు చూసే విభాగానికి వెళ్తుంది. మొత్తం పెద్దదైతే ఫైనాన్స్ వాళ్ల సంతకం కూడా కావాలి. జీతాల విభాగంలో కూర్చున్న వ్యక్తి అభ్యర్థిని చూసి ఉండరు, ఇంటర్వ్యూ ఎంత బాగా జరిగిందో తెలియదు. వాళ్ల ముందుకు వచ్చేది రిక్రూటర్ రాసిన నాలుగు వాక్యాలే. ఆ నాలుగు వాక్యాలు ఎక్కడి నుంచి వస్తాయి? అభ్యర్థి ఉత్తరంలో దొరికితే అక్కడి నుంచే యథాతథంగా వెళ్తాయి. దొరక్కపోతే "అభ్యర్థి ఇంకొంచెం ఎక్కువ ఆశిస్తున్నారు" అన్న ఒక్క ముక్క వెళ్తుంది. దానికి "ఇప్పటికే సరైన జీతమే ఇచ్చాం" అని తిరిగి రాయడం చాలా తేలిక.

జీతాల విభాగం చూసేవి ముఖ్యంగా రెండు. మొదటిది ఆ ఉద్యోగానికి సంస్థ పెట్టుకున్న జీతాల పట్టీ. ప్రతి స్థాయికీ ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం, మధ్యలో ఒక నడిమి విలువ ఉంటాయి. ఆ నడిమి విలువను బయటి మార్కెట్ చూసే నిర్ణయిస్తారు. చాలా చోట్ల పట్టీ నడిమి విలువలో 80 శాతం దగ్గర మొదలై 120 శాతం దాకా సాగుతుంది. ఇచ్చే జీతాన్ని నడిమి విలువతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని వాళ్లు ప్రతి ఆఫర్‌కూ చూస్తారు. అది 0.90 దగ్గర ఉంటే పైకి చోటు ఉన్నట్టు, 1.10 దాటితే ప్రత్యేక అనుమతి ఎందుకో చెప్పాల్సి వచ్చినట్టు. రెండోది లోపలి సమానత్వం. అదే టీమ్‌లో అదే పని చేస్తున్నవాళ్లకు ఎంత ఇస్తున్నారు, కొత్తగా వచ్చే మనిషికి అంతకన్నా ఎక్కువ ఇస్తే రేపు ఏం జవాబు చెప్పాలి అన్నది. అభ్యర్థికి ఈ రెండోది కనిపించదు. కానీ అది ఉందని తెలిసుంటే, తర్వాత వచ్చే జవాబును సరిగ్గా అర్థం చేసుకోవచ్చు.

ఒక ఉదాహరణతో చూస్తే ఇది స్పష్టంగా ఉంటుంది. ఏ దేశపు డబ్బుకైనా వర్తించేలా ఆఫర్‌లోని స్థిర జీతాన్ని 100 అనుకుందాం. ఉద్యోగం సీనియర్ డేటా అనలిస్ట్. పనితీరు మీద వచ్చే వేరియబుల్ గరిష్ఠంగా 10, జాయినింగ్ బోనస్ లేదు. జవాబివ్వడానికి శుక్రవారం దాకా గడువు. అభ్యర్థికి 6 ఏళ్ల అనుభవం ఉంది. పాత రిపోర్టులను కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని టీమ్‌కు ఇప్పుడు అత్యవసరమని ఇంటర్వ్యూలో తెలిసింది. ఆ పనిని ఈ అభ్యర్థి ఇప్పటికే రెండుసార్లు పూర్తి చేసి ఉన్నారు.

ఇక మార్కెట్ కారణం వెతకాలి. చాలా ఉత్తరాలు దెబ్బతినేది ఇక్కడే. "నా ప్రస్తుత జీతం మీద 30 శాతం పెంపు ఆశిస్తున్నాను" అన్నది మార్కెట్ కారణం కాదు, అది అభ్యర్థి గతం. "ఇంటి లోన్ ఉంది, ఖర్చులు పెరిగాయి" అన్నది నిజమే కావచ్చు, కానీ జీతాల విభాగం దగ్గర దాన్ని కొలిచే కొలమానమే లేదు. "నెట్‌లో చూస్తే ఈ ఉద్యోగానికి 130 దాకా వస్తోంది" అన్నది మార్కెట్ మాటలా ఉంటుంది గానీ, చదివేవాళ్లకు వెంటనే మూడు అనుమానాలు వస్తాయి: ఏ ఊళ్లో, ఏ స్థాయికి, స్థిర జీతమా లేక అన్నీ కలిపిన మొత్తమా? ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఆ అంకెను పక్కన పెట్టేస్తారు, దాంతో పాటు ఉత్తరం మీద నమ్మకం కూడా పోతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు మూడోది. బోనస్, షేర్లు కలిపిన మొత్తాన్ని తెచ్చి ఆఫర్‌లోని స్థిర జీతం పక్కన పెట్టి పోల్చడం. రోజూ ఇవే అంకెలు చూసేవాళ్లు దాన్ని క్షణంలో పట్టేస్తారు.

హోదా పేరు చూసి పోల్చడంలోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. ఒక సంస్థలో సీనియర్ అంటే మూడేళ్ల అనుభవం, ఇంకో చోట పదేళ్లు, పైగా కింద ఇద్దరు ముగ్గురు మనుషులు. అందుకే పోల్చాల్సింది పేరును కాదు, ప్రకటనలో రాసిన పనిని, అడిగిన అనుభవాన్ని, ఎవరికి రిపోర్ట్ చేయాలన్నదాన్ని. ఈ పని ఇప్పుడు మునుపటికన్నా తేలికైంది. జీతాల పట్టీని ప్రకటనలోనే రాయాలన్న చట్టం అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో 2021లో, కాలిఫోర్నియాలో 2023లో అమల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ కూడా 2023లో జీతాల పారదర్శకతపై ఆదేశం తెచ్చింది. ఇలాంటి నియమం లేని చోట్ల కూడా కొన్ని సంస్థలు తమంతట తామే పట్టీని రాస్తున్నాయి. యజమాని స్వయంగా ప్రకటించిన పట్టీకి ఉన్న బలం, ఎవరో పేరు లేకుండా వెబ్‌సైట్‌లో నమోదు చేసిన జీతానికి ఉండదు.

మన అభ్యర్థికి అదే నగరంలో, అదే స్థాయి పనికి గత రెండు నెలల్లో వచ్చిన 3 ప్రకటనలు దొరికాయి. వాటి పట్టీలు 102 నుంచి 120, 105 నుంచి 121, 98 నుంచి 126. నడిమి విలువలు వరుసగా 111, 113, 112. గరిష్ఠాలైన 120, 121, 126 పట్టుకుని అడగాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పట్టీ పై అంచు ఆ ఉద్యోగంలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల కోసం. బయటి నుంచి వచ్చే మనిషికి అది దొరకడం అరుదని చదివేవాళ్లందరికీ తెలుసు. నడిమి విలువ చెబితే ఎవరూ వాదించలేరు.

వీటితో పాటు ఒక జీతాల సర్వే కూడా దొరికింది. అందులో ఇదే పనికి మధ్యస్థం, అంటే సగం మంది అంతకన్నా తక్కువ, సగం మంది ఎక్కువ తీసుకునే జీతం, 104. సగటు కాకుండా మధ్యస్థం చూడటానికి కారణం ఉంది. ఇద్దరు ముగ్గురు భారీ జీతగాళ్లుంటే సగటు పైకి లేస్తుంది, మధ్యస్థం లేవదు. అయితే ఆ సర్వే లెక్కలు ఏడాదిన్నర నాటివి. సర్వే అంకెలను పాత తేదీ నుంచి ఇప్పటికి తెచ్చుకోవడం జీతాల విభాగాలు మామూలుగా చేసే పనే. ఆ రంగంలో జీతాలు ఏటా సుమారు 4 శాతం పెరుగుతున్నాయనుకుంటే ఏడాదిన్నరకు దాదాపు 6 శాతం, అంటే 104 ఇప్పటి లెక్కలో 110 అవుతుంది. అవతలివాళ్లు ఎలాగూ చేసే లెక్కే ఇది. దాన్ని ముందే చేసి, చేశానని చెప్పి రాస్తే ఆ అంకెను ఎవరూ కొట్టిపారేయరు. పాత అంకెను అలాగే రాస్తే మాత్రం ఆరు పాయింట్ల నష్టం అభ్యర్థిదే.

రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు 110 నుంచి 113 మధ్య కలిశాయి. ఒక్క మూలం మీదే ఆధారపడితే "మా సర్వే వేరేలా చెబుతోంది" అని తోసిపుచ్చవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూలాలు ఒకే చోట కలిస్తే అలా తోసిపుచ్చడం కష్టం. మూడో మూలం, నాలుగో మూలం కూడా పెట్టేయాలనిపిస్తుంది గానీ అక్కర్లేదు. ఉత్తరం చిన్న నివేదికలా మారితే రిక్రూటర్ దాన్ని ముందుకు పంపే బదులు తన మాటల్లో కుదిస్తారు. ఆ కుదింపులో ఏది పోతుందో చెప్పలేం.

అడగాల్సిన అంకె ఎంత? మధ్యస్థం దగ్గరే అడిగితే బేరంలో దానికన్నా కిందికి దిగుతుంది. 125 అడిగితే పైన చెప్పిన ఆధారాలేవీ దాన్ని నిలబెట్టవు. ఇక్కడ 114 సరైనది. మార్కెట్ నడిమికి కాస్త పైన, ఆ పై రెండు మూడు పాయింట్లకు విడిగా ఒక కారణంతో. ఆ కారణం ప్రతిభ, కష్టపడే గుణం లాంటి సాధారణ మాట కాకూడదు. టీమ్‌కు ఇప్పుడు కావాల్సిన పనిని ఇంతకుముందే చేసి ఉండటం లాంటి సూటి విషయం కావాలి. గుండ్రంగా 115 అనకుండా 114 అనడంలో కూడా అర్థం ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో, గుండ్రని అంకె కన్నా కచ్చితమైన అంకె చెప్పినప్పుడు అవతలి పక్షం దానికి దగ్గరగా ప్రతిపాదించడం కనిపించింది. చెప్పిన మనిషి లెక్క వేసుకునే వచ్చారన్న అభిప్రాయం కలగడమే దీనికి వాళ్లు చెప్పిన కారణం. అయితే ఆ లెక్క నిజంగా ఉండాలి. "ఎందుకు 114?" అని ఫోన్‌లో అడిగితే తడబడకూడదు.

ఇంకో అంకెను కాగితం మీద రాసుకుని ఉత్తరంలో మాత్రం పెట్టకూడదు. అది ఎంతకు దిగితే ఒప్పుకోవచ్చో చెప్పే అంకె. ఇక్కడ అది 106 అనుకుందాం. "కనీసం 106 అయినా" అని రాస్తే 114 ఆ క్షణమే చచ్చిపోతుంది.

ఇప్పుడు కృతజ్ఞత సంగతి. దీన్ని మర్యాద కోసం ముందూ వెనకా తగిలించే వాక్యంగా చూడటం తప్పు. ఈ ఉత్తరంలో అది చేసే పని ఒకటుంది. జీతం అడిగిన మనిషి నిజంగా వస్తారా, లేక ఈ ఆఫర్‌ను చూపించి ఇంకో చోట పెంచుకోవడానికి అడుగుతున్నారా అన్నదే మేనేజర్‌కు మొదట వచ్చే సందేహం. రానివాళ్ల కోసం పై అధికారి దగ్గర పోరాడటానికి ఎవరూ ఇష్టపడరు. అందుకే కృతజ్ఞత ఏదో ఒక నిర్దిష్టమైన విషయానికి తగిలి ఉండాలి: ఇంటర్వ్యూలో ఎవరో వివరించిన పని, చూపించిన శ్రద్ధ, అడిగిన మంచి ప్రశ్న. "ఈ అద్భుత అవకాశానికి శతకోటి ధన్యవాదాలు" అన్నది ఏ సంస్థకైనా పంపవచ్చు కాబట్టి ఆ సందేహాన్ని తీర్చదు. మితిమీరితే వేరే నష్టం కూడా ఉంది. "మీ సంస్థలో పనిచేయడం నా జీవితాశయం" అని చదివిన మనిషికి ఎంత ఇచ్చినా వచ్చేస్తారన్న ధీమా కలుగుతుంది. అలాగే "ఆఫర్‌ను సంతోషంగా అంగీకరిస్తున్నాను, అయితే" అని మొదలుపెట్టడం అసలే వద్దు. ఒప్పుకున్నాక అడిగేది కోరిక మాత్రమే.

మాటల ఎంపికలో చట్టం వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త ఉంది. ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయం నడిచే దేశాల్లో ఎదురు ప్రతిపాదన పెడితే మొదటి ప్రతిపాదన రద్దయినట్టే. 1840లో హైడ్, రెంచ్‌ల మధ్య వచ్చిన పొలం కేసు నుంచి ఈ సూత్రం స్థిరపడింది. 1000 పౌండ్లకు అమ్ముతానంటే కొనేవాడు 950 ఇస్తానన్నాడు. అమ్మేవాడు కాదన్నాక, కొనేవాడు 1000కే సరే అన్నాడు. అప్పటికే మొదటి ప్రతిపాదన పోయిందని, ఒప్పందమే లేదని కోర్టు చెప్పింది. కానీ 1880లో ఇంకో కేసులో, షరతుల్లో సడలింపు ఉంటుందా అని కేవలం విచారించడం ఎదురు ప్రతిపాదన కాదని, అసలు ప్రతిపాదన బతికే ఉంటుందని తేల్చారు. "114 ఇస్తేనే చేరతాను" అన్నదానికీ "114 చేయడానికి వీలవుతుందా?" అన్నదానికీ ఉన్న తేడా ఇదే. ఆచరణలో మర్యాదగా ఒక్కసారి అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం తరచూ జరిగేది కాదు. అయినా ప్రశ్నగా అడగడం వల్ల పోయేదేమీ లేదు, పాత ఆఫర్ మీద కాలు నిలుస్తుంది.

ఇవన్నీ కలిపితే ఉత్తరం ఇలా వస్తుంది.

"నమస్కారం అండి. సీనియర్ డేటా అనలిస్ట్ ఉద్యోగానికి ఆఫర్ పంపినందుకు ధన్యవాదాలు. పాత రిపోర్టులను కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని గురించి రెండో ఇంటర్వ్యూలో టీమ్ ఓపికగా, దాచకుండా వివరించారు. అది విన్నాక ఈ టీమ్‌లో పనిచేయాలన్న ఆసక్తి ఇంకా పెరిగింది.

స్థిర జీతం గురించి ఒక్క విషయం అడగాలనుకుంటున్నాను. ఇదే నగరంలో, ఇదే స్థాయి పనికి గత రెండు నెలల్లో వచ్చిన 3 ప్రకటనల్లో స్థిర జీతం పట్టీల నడిమి విలువ 111 నుంచి 113 వరకు ఉంది. జీతాల సర్వేలో మధ్యస్థం, ఇప్పటి తేదీకి సరిచేస్తే, సుమారు 110. ఇలాంటి సిస్టమ్ మార్పిడిని నేను ఇప్పటికే రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా చేసి ఉన్నాను కాబట్టి, స్థిర జీతాన్ని 114 చేయడానికి వీలవుతుందా? వేరియబుల్, సెలవులు, చేరే తేదీ మీరు రాసినట్టే నాకు సమ్మతం.

జవాబుకు శుక్రవారం దాకా గడువు ఉందని గమనించాను. ఈలోగా ఫోన్‌లో మాట్లాడాలంటే నేను సిద్ధం. ప్రకటనల లింకులు కావాలంటే పంపుతాను. మీరు తీసుకుంటున్న శ్రమకు కృతజ్ఞతలు."

ఇందులో రెండో పేరాను కాపీ చేసి పంపితే రిక్రూటర్ పని అయిపోతుంది. మిగతావన్నీ సమ్మతమేనన్న వాక్యం చిన్నదే అయినా విలువైనది. ఈ ఒక్కటి తేలితే విషయం ముగుస్తుందని, మళ్లీ కొత్త కోరిక రాదని అది అవతలివాళ్లకు చెబుతోంది.

ఆ వాక్యం లేకపోతే ఏమవుతుందో ఒక నిజ సంఘటన చూపిస్తుంది. 2014లో అమెరికాలో, బోధనకు ప్రాధాన్యమిచ్చే ఒక చిన్న కళాశాలలో తత్వశాస్త్ర అధ్యాపక ఉద్యోగానికి ఎంపికైన అభ్యర్థి ఆఫర్‌కు జవాబు రాశారు. ఉత్సాహం చూపించారు, మర్యాదగానే అడిగారు, జీతం పెంపుకు ఆ రంగంలో కొత్త అధ్యాపకులకు ఇస్తున్న జీతాలను కారణంగా చూపించారు. కానీ దానితో పాటు ఇంకో నాలుగు అడిగారు: ప్రసూతి సెలవు, పరిశోధన కోసం సెలవు, ఏటా కొత్తగా తయారు చేసుకోవాల్సిన పాఠ్యాంశాలపై పరిమితి, చేరే తేదీ ఏడాది వాయిదా. కళాశాల ఆఫర్ వెనక్కి తీసుకుంది. ఈ కోరికలన్నీ చూస్తే తమలాంటి బోధన కళాశాలలో కన్నా పరిశోధన విశ్వవిద్యాలయంలో పనిచేయడానికే ఆసక్తి ఉన్నట్టుందని జవాబిచ్చింది. అడిగినవన్నీ విడివిడిగా న్యాయమైనవే, కళాశాల ఒక్క మాటైనా మాట్లాడకుండా తలుపు మూసేయడం అన్యాయమే. అయినా ఆ జవాబు ఒక విషయం బయటపెట్టింది. జాబితా పొడవు పెరిగేకొద్దీ చదివేవాళ్లు ఒక్కో కోరికను తూచడం మానేసి, అడిగిన మనిషి గురించి ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. ఆ అభ్యర్థి చూపిన మార్కెట్ కారణం కూడా రంగం మొత్తానిది. అలాంటి చిన్న కళాశాలలు ఎంత ఇస్తున్నాయన్నది అందులో లేదు.

మన ఉదాహరణలో జవాబు ఎలా ఉండవచ్చు? "114 కుదరదు, 109 ఇవ్వగలం, జాయినింగ్ బోనస్‌గా ఒకసారికి 3 ఇస్తాం" అన్నది తరచూ ఎదురయ్యే జవాబు. ఇది చదివి బేరం ఓడిపోయామనుకోనక్కర్లేదు. ఆ టీమ్‌లో ఇప్పటికే ఉన్నవాళ్లలో ఎవరో 110 దగ్గర ఉండి ఉంటారు, వాళ్లను దాటడానికి ఒప్పుకోలేదు, కానీ ఒకేసారి ఇచ్చే డబ్బు జీతాల వరుసను చెడగొట్టదు కాబట్టి దాన్ని కలిపారు. స్థిర జీతంలో వచ్చిన 9 మాత్రం ఏటా వస్తుంది, తర్వాతి పెంపులన్నీ దాని మీదే లెక్క. 106 అన్న గీత దాటింది కాబట్టి ఒప్పుకోవచ్చు. మళ్లీ 112 అని ఇంకో ఉత్తరం రాయడం వల్ల ఒకటో రెండో దొరకవచ్చు గానీ, తన తరఫున ఒకసారి మాట్లాడి వచ్చిన మేనేజర్‌ను రెండోసారి పంపినట్టవుతుంది.

"పట్టీలో చోటు లేదు, 100 దాటలేం" అని వస్తే అప్పుడు అడగదగినది ఒకటుంది: ఆరు నెలలకు జీతం సమీక్షిస్తామని, ఏ పని పూర్తయితే అన్నది కూడా ఆఫర్ లెటర్‌లో రాసిస్తారా అని. "తర్వాత తప్పకుండా చూద్దాం" అన్న నోటిమాటకు, ఆ మాట అన్న మేనేజర్ బదిలీ అయిన రోజు దాకే విలువ. చేతిలో లేని ఇంకో ఆఫర్‌ను ఉందని చెప్పి ఒత్తిడి తేవడం మాత్రం ఏ దశలోనూ వద్దు. కాపీ పంపమంటారు, అక్కడితో అన్ని అంకెలూ అబద్ధంగానే కనిపిస్తాయి.

ఒప్పందం కుదిరాక పంపాల్సిన మెయిల్ మూడు వాక్యాలది. ధన్యవాదాలు, కుదిరిన అంకెలు విడివిడిగా (స్థిర జీతం 109, వేరియబుల్ గరిష్ఠం 10, జాయినింగ్ బోనస్ 3), సవరించిన ఆఫర్ లెటర్ అందగానే సంతకం చేసి పంపుతానన్న మాట. జాయినింగ్ బోనస్ ఉంటే ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు తరచూ ఉంటుంది కాబట్టి, కొత్త లెటర్‌లో ఆ గడువు ఎంతో చూసుకోవాలి. ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేది ఆ సవరించిన కాగితం చేతికొచ్చాకే.